స్కూల్ వ్యాన్ నెల రేటు ఎలా లెక్కేయాలి: మున్నేకొళాల లెక్క

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చిత్తూరు నుంచో, అనంతపురం నుంచో బెంగళూరు వచ్చి కొత్తగా వ్యాన్ కొన్నవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, కిలోమీటరుకు ఎంత పెట్టమంటావు?" ఆ ప్రశ్నలోనే తప్పుంది. స్కూల్ వ్యాన్ ఖర్చులో కిలోమీటర్లతో పెరిగేది దాదాపు ఐదో వంతే. మిగతాదంతా బండి కదిలినా కదలకపోయినా పెట్టాల్సిందే. ఇది తెలియక మొదటి ఏడాది నేనూ పక్క వ్యాన్ రేటు చూసి, దానికి 200 తగ్గించి చెప్పాను. పిల్లలు నిండారు, మేలో చేతిలో డబ్బు లేదు. ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ అనే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఖర్చు ఒకే నెలలో వచ్చి పడితే బంగారం బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది.

కింద ఒకే బండి లెక్క మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తున్నాను. డ్రైవర్ కాక 12 సీట్లున్న డీజిల్ టెంపో ట్రావెలర్, ఎల్లో బోర్డు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రాత్రి బెంగళూరులోని మున్నేకొళాలలో ఉంటుంది. పొద్దున మొదటి ట్రిప్పు మున్నేకొళాల, మారతహళ్లి, కుందలహళ్లి గేటు మీదుగా హోప్ ఫామ్ వైపున్న ఒక ప్రైమరీ స్కూలుకు. రెండో ట్రిప్పు హూడి నుంచి దొడ్డనెకుంది వైపున్న హైస్కూలుకు. రూపాయలు నా బండివి. మీ రూపాయలు వేసుకోండి, పద్ధతి మాత్రం మార్చకండి.

ముందు చేతిలో ఉండాల్సినవి

ఒక నోటుబుక్కు. ఓడోమీటర్ పని చేస్తున్న బండి (సెకండ్ హ్యాండ్‌లో పని చేయనివి చాలానే ఉంటాయి, ముందు అది బాగు చేయించండి). పోయిన ఏడాది ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ, పర్మిట్ రసీదులు. స్కూలు సెలవుల క్యాలెండర్. డ్రైవర్‌తోనూ బండిలో పిల్లలను చూసుకునే ఆయమ్మతోనూ జీతం, బోనస్, సెలవు నెలల జీతం ముందే మాట్లాడి రాసుకున్న కాగితం. చివరిది లేకుండా లెక్కకు కూర్చోకండి.

1. అమ్మడానికి ఎన్ని సీట్లున్నాయో తేల్చండి

12 సీట్లలో ఒకటి ఆయమ్మది. మిగిలేవి 11. సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రకారం 12 ఏళ్ల లోపు పిల్లలను సీట్ల సంఖ్యకు ఒకటిన్నర రెట్ల వరకు ఎక్కించుకోవచ్చు. 12 దాటినవాళ్లకు ఒకరికి ఒక సీటు. అంటే ప్రైమరీ ట్రిప్పులో 16 మంది, హైస్కూలు ట్రిప్పులో 11 మంది, మొత్తం 27.

రేటు మాత్రం 27 మీద వేయకండి. ఇల్లు మారేవాళ్లు, మధ్యలో అపార్ట్‌మెంట్ కార్‌పూల్‌లో చేరేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నేను 24 మీద వేస్తాను.

కొందరు 22 మందిని కుక్కి రేటు తగ్గిస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు లెక్కపెట్టేది తలలనే. సొంత వాడకానికి రిజిస్టర్ అయిన వైట్ బోర్డు బండిలో పిల్లలను డబ్బుకు తిప్పడమూ ఇలాంటిదే. ఆ బండ్ల రేటుతో మీ రేటు పోల్చుకోకండి, వాళ్లకు సగం కాగితాలే లేవు, ఆ ఖర్చూ ఉండదు.

2. బండి నిజంగా ఎంత తిరుగుతుందో కొలవండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇంటి నుంచి స్కూలుకు 11 కిలోమీటర్లు, రానూ పోనూ 22 అని రాసుకుంటారు. స్కూల్లో పిల్లలను దింపాక బండి ఖాళీగా వెనక్కి రావాలి కదా? నా బండి ఒక రోజు ఇలా తిరుగుతుంది.

పొద్దున: ఇంటి నుంచి మొదటి పిల్ల దగ్గరికి 2, మొదటి రూటు 11, అక్కడి నుంచి హూడికి ఖాళీగా 4, రెండో రూటు 8, ఇంటికి 5. మొత్తం 30.

మధ్యాహ్నం: ఇంటి నుంచి మొదటి స్కూలుకు 9, రూటు 11, రెండో స్కూలుకు ఖాళీగా 5, రూటు 8, హూడి నుంచి ఇంటికి 7. మొత్తం 40.

రోజుకు 70 కిలోమీటర్లు. అందులో పిల్లలు బండిలో ఉన్నది 38, మిగతా 32 ఖాళీ తిరుగుడు. పొద్దున, సాయంత్రం ఒకే లెక్క ఎందుకు రాలేదని చూడకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద యూటర్న్ ఎక్కడుందో దాన్ని బట్టి రెండు దిక్కులకూ దూరం మారుతుంది. అందుకే మ్యాప్‌లో చూసి రాయకండి, మూడు రోజులు ఓడోమీటర్ చూసి రాయండి.

నెలకు స్కూలు నడిచే రోజులు సగటున 21. 70ని 21తో గుణిస్తే 1,470. బంకుకు, గ్యారేజీకి వెళ్లే 30 కలిపి 1,500 కిలోమీటర్లు.

3. కిలోమీటరుకు అయ్యే ఖర్చు

మైలేజీ అమ్మినవాడు చెప్పింది వేసుకోవద్దు. ట్యాంకు నిండా పట్టించి, ఓడోమీటర్ రాసుకుని, వారం స్కూలు రూటు తిప్పి, అదే బంకులో మళ్లీ నిండా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ. నాకు అమ్మినాయన 13 అన్నాడు. ఇంటింటికీ ఆగి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి పిల్లల కోసం ఎదురుచూస్తే వచ్చింది 10. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయి వచ్చి కొలిచిన మైలేజీ ఈ లెక్కకు పనికిరాదు.

డీజిల్ లీటరు 91 అనుకుందాం. కిలోమీటరుకు 9 రూపాయల 10 పైసలు. టైర్లు, ఆయిల్, బ్రేకులు, క్లచ్ కలిపి 2 రూపాయల 50 పైసలు వేస్తాను. పోయిన ఏడాది గ్యారేజీ, టైర్ల బిల్లులన్నీ కలిపి తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే మీ బండిది తెలుస్తుంది. మొత్తం 11 రూపాయల 60 పైసలు. 1,500 కిలోమీటర్లకు నెలకు 17,400.

ఈ 17,400 ఒక్కటే దూరంతో పెరిగే ఖర్చు.

4. కదలకపోయినా అయ్యే ఖర్చు, ఏడాదికి

ఇది నెలకు కాదు, ఏడాదికి రాయండి. నెలకు రాస్తే ఏదో ఒకటి తప్పకుండా మర్చిపోతారు.

- డ్రైవర్ జీతం 22,000. 12 నెలలు, ఒక నెల బోనస్: 2,86,000
- ఆయమ్మ జీతం 12,000. 12 నెలలు, పండక్కి 6,000: 1,50,000
- ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ, పర్మిట్, పొల్యూషన్, జీపీఎస్: 66,000
- బండి తరుగు 80,000, లోన్ వడ్డీ 34,000: 1,14,000
- డ్రైవర్ రాని రోజులకు, బండి ఆగిన రోజులకు: 24,000
- పార్కింగ్, కడగడం: 20,000

మొత్తం 6,60,000.

వీటిలో మూడింటి గురించి కాస్త చెప్పాలి.

బండి మీరే నడుపుతున్నా డ్రైవర్ జీతం రాయాల్సిందే. "నేనే కదన్నా నడిపేది, జీతమెందుకు" అంటారు. మీకు డెంగీ వచ్చి మూడు వారాలు పడుకుంటే ఎవరో ఒకరికి ఇవ్వాలి. రెండో బండి కొన్న రోజున ఆ జీతం రేటులో లేదని తెలిస్తే, ఒకేసారి తలకు వెయ్యి పెంచాలి. ఎవరూ ఒప్పుకోరు.

ఆయమ్మ జీతం తగ్గించి మిగుల్చుకుందామని చూడకండి. 8,000కు వచ్చిన ఆయమ్మ పక్క అపార్ట్‌మెంట్‌లో రెండిళ్ల పని దొరగ్గానే ఆగస్టులో మానేస్తుంది. ఆ వారం చిన్న పిల్లలను రోడ్డు దాటించేవాళ్లు లేక డ్రైవరే దిగాల్సి వస్తుంది, బండిలో మిగతా పిల్లలు ఒంటరిగా ఉంటారు. నాకు అలా రెండు వారాలు గడిచాయి, నలుగురు తల్లులు మానిపించారు. ఆమె పని పొద్దున ఆరున్నర నుంచి పదిదాకా, మళ్లీ రెండు నుంచి ఐదున్నరదాకా. రెండు ముక్కల పని కాబట్టి మధ్యలో ఇంకో పని చేసుకోలేదు. 12,000 ఎక్కువేమీ కాదు.

ఇక ఈఎంఐ. దాన్ని మొత్తం ఖర్చుగా రాసి, పైన బండి తరుగు కూడా రాస్తే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కేసినట్టు. ఈఎంఐలో అసలు భాగమే బండి ధర. 6,60,000కు కొన్న బండి ఆరేళ్లకు 1,80,000కు అమ్ముడుపోతుందనుకుంటే తగ్గేది 4,80,000, ఏడాదికి 80,000. దానికి వడ్డీ ఒక్కటే కలపండి. లోన్ అయిపోయాక కూడా ఆ 80,000 రేటులో ఉండాలి, లేకపోతే తరవాతి బండి ఎక్కడి నుంచి వస్తుంది?

5. 12తో కాదు, 10తో భాగించండి

6,60,000ను 12తో భాగిస్తే 55,000. మీరు ఫీజు వసూలు చేసేది 10 నెలలే. ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ ఇవ్వరు, డ్రైవర్ మాత్రం జీతం అడుగుతాడు. ఇవ్వకపోతే జూన్‌లో వేరే బండి మీద కనిపిస్తాడు. కాబట్టి 10తో భాగించాలి: నెలకు 66,000.

తేడా 11,000. పది నెలలకు 1,10,000. నా మొదటి ఏడాది మే నెలలో లేని డబ్బు సరిగ్గా ఇదే. ఇప్పుడు ప్రతి నెలా పదో తారీఖుకు ఈ 11,000 వేరే ఖాతాలో పడేస్తాను. దాన్ని దసరాకు ముట్టుకోను.

సెలవు నెలల్లో బండికి పెళ్లి ట్రిప్పులు దొరుకుతాయి కదా అంటారు. పర్మిట్ దేనికి తీసుకున్నారో ముందు చూసుకోండి. ఒప్పుకున్నా ఆ ఆదాయాన్ని రేటులో తగ్గించకండి. వస్తే మిగులు, రాకపోతే నష్టం ఉండదు.

మీ స్కూలు 11 నెలల ఫీజుకు అలవాటు పడి ఉంటే 11తో భాగించుకోండి. ఒకటే జాగ్రత్త: ఎన్నిటితో భాగించారో అన్ని నెలలు వసూలు కావాలి.

6. మొత్తం, దాని మీద మీకు

66,000కు 17,400 కలిపితే 83,400. మీ మిగులు పదో వంతు పైన 8,600 వేస్తే 92,000. దీన్ని 24 మందితో భాగిస్తే తలకు సగటున 3,833.

ఒక్క ట్రిప్పే తిప్పితే ఎంతవుతుందో కూడా చూడండి. కిలోమీటర్లు 950కి తగ్గుతాయి, తిరుగుడు ఖర్చు 11,000. మిగతా 66,000 దాదాపు అలాగే ఉంటుంది. 77,000ను 14 మందితో భాగిస్తే 5,500, ఇంకా మీ మిగులు వేయలేదు. మున్నేకొళాలలో ఆ రేటు చెప్తే నవ్వుతారు. అందుకే బండి కొనేముందే రెండో ట్రిప్పుకు గంట పైన తేడాతో నడిచే స్కూలు వెతుక్కోండి. నాకు మొదటిది ఎనిమిదింటికి, రెండోది తొమ్మిదింపావుకు. ముప్పావుగంట తేడా అయితే ఒప్పుకోకండి. కుందలహళ్లి గేటు దగ్గర ఒక లారీ అడ్డంగా నిలబడితే చాలు, 11 మంది పిల్లలు గేటు బయట ఉంటారు.

7. దూరాన్ని మూడు మెట్లుగా విడగొట్టండి

ఇప్పుడు దూరం లెక్కలోకి వస్తుంది, అదీ తన వంతు వరకే. 92,000లో తిరుగుడు ఖర్చు పోగా 74,600. దీన్ని 24 మందికి సమానంగా పంచితే తలకు 3,100. దగ్గరి పిల్లకైనా దూరపు పిల్లకైనా సీటు, డ్రైవర్, ఆయమ్మ ఒకటే కదా. ఇది అందరికీ ఉండే మూల రేటు.

మిగిలిన 17,400 దూరాన్ని బట్టి పంచుతాం. 3 కిలోమీటర్ల లోపు ఒక వంతు, 3 నుంచి 6 దాకా రెండు వంతులు, 6 దాటితే మూడు వంతులు. నా దగ్గర వరసగా 6, 10, 8 మంది పిల్లలు. వంతులు 6, 20, 24, మొత్తం 50. ఒక్కో వంతు 348, దాన్ని 350 చేద్దాం.

- 3 కిలోమీటర్ల లోపు: 3,450
- 3 నుంచి 6: 3,800
- 6 పైన: 4,150

సరిచూడండి: 20,700, 38,000, 33,200 కలిపితే 91,900. కావాల్సింది 92,000. వంద తేడా పర్వాలేదు. వెయ్యి దాటి తేడా వస్తే వంతులు ఎక్కడో తప్పు కూడారు.

దూరం కొలిచేది స్కూలు గేటు నుంచి పిల్ల ఎక్కే స్టాప్‌దాకా, దగ్గరి రోడ్డు మీద. వ్యాన్ తిరిగే దారి మీద కాదు. మొదట ఎక్కే పిల్ల ఊరంతా తిరిగి స్కూలుకు పోతుంది, ఆ తిరుగుడుకు కూడా వాళ్ల దగ్గరే డబ్బు తీసుకుంటే న్యాయం కాదు. వాళ్లమ్మ మ్యాప్ తెరిచి చూపిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు.

8. పక్క సందు పిల్ల

మెట్లకు లొంగని సంగతి ఒకటుంది. పోయిన జూన్‌లో తూబరహళ్లి లోపలి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఆరు కిలోమీటర్ల లోపే కదన్నా, 3,800 ఇస్తాం. మా గేటు దగ్గరికే రండి" అన్నారు. మెయిన్ రోడ్డు నుంచి వాళ్ల గేటు ఒకటిన్నర కిలోమీటరు. పోయి రావడానికి 3, రోజుకు రెండుసార్లు 6, నెలకు 126 కిలోమీటర్లు. 11 రూపాయల 60 పైసల చొప్పున 1,460. ఆమె మెట్టులో దూరానికి వేసింది 700. పైగా ఆ సందులో నీళ్ల ట్యాంకర్ ఎదురైతే మిగతా పిల్లలందరికీ పది నిమిషాలు ఆలస్యం.

లెక్క ఆమెకే చెప్పాను. "మేడమ్, మెయిన్ రోడ్డు బేకరీ దగ్గరికి తీసుకొస్తే 3,800. గేటు దగ్గరికైతే 4,600, అదీ ఆ సందులో ఇంకో పిల్ల దొరికితేనే." ఇప్పుడు తాతగారు రోజూ ఏడుంబావుకు స్కూటీ మీద బేకరీ దగ్గరికి తీసుకొస్తున్నారు. అడిగినవాళ్లకు "కుదరదు" అనే బదులు కిలోమీటర్లు చూపించండి, గొడవ ఉండదు.

9. తగ్గింపులు అడిగితే

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఎక్కితే సగం ఫీజు అడుగుతారు. రెండో పిల్ల కూడా సీటు తీసుకుంటుంది. మీకు మిగిలేది దూరపు వంతు మాత్రమే, ఎందుకంటే స్టాప్ ఒకటే. కాబట్టి రెండో పిల్లకు 350 తగ్గించవచ్చు, మెట్టు దూరమైతే 700. అంతకు మించితే ఆ డబ్బు మిగతా తల్లిదండ్రులు కడుతున్నట్టే.

ఒక పూటే వచ్చేవాళ్లకు సగం రేటు కూడా పొరపాటే. ఆ సీటు ఇంకో పూట ఖాళీగానే పోతుంది. నేను ముప్పావు తీసుకుంటాను, అదీ ఇద్దరికి మించి ఒప్పుకోను. దసరా సెలవులకు ఫీజు తగ్గించమంటే ఏడాది ఖర్చును పది నెలలకు పంచిన సంగతి చెప్పండి. ఈ మాటలు జూన్‌లో ఇచ్చే రేటు కాగితంలోనే ఉండాలి, అక్టోబరులో కాదు.

10. డీజిల్ పెరిగితే

2025 ఏప్రిల్‌లో కర్ణాటకలో డీజిల్ లీటరుకు రెండు రూపాయలు పెరిగి 91 దాటింది. మా దగ్గర ఒకాయన వెంటనే తలకు 300 పెంచాడు. నాకు నెలకు 150 లీటర్లు. రెండు రూపాయలంటే 300, అది బండి మొత్తానికి. తలకు పన్నెండున్నర! తల్లిదండ్రుల్లో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఈ భాగహారం వాళ్లకు అర నిమిషం పని. రేటు కాగితంలో ఇలా రాయండి: డీజిల్ 91 నుంచి లీటరుకు 5 రూపాయలు పెరిగితే నెలకు 30 పెరుగుతుంది, 5 తగ్గితే 30 తగ్గుతుంది. తగ్గుతుందని రాయడం వల్ల మీకు పోయేదేమీ లేదు, పెంచిన రోజున మాత్రం ఎవరూ నోరెత్తరు.

అసలు టెన్షన్ పడాల్సింది సీట్ల గురించి. ఇద్దరు పిల్లలు మానేస్తే నెలకు 7,600 పోతుంది, బండి మాత్రం అదే దారిలో తిరుగుతుంది. అది డీజిల్ లీటరుకు 50 రూపాయలు పెరిగినదానితో సమానం. అందుకే మానేయాలంటే నెల ముందు చెప్పాలని, లేకపోతే ఒక నెల ఫీజు ఇవ్వాలని రాసుకోండి. జూన్‌లోనే ఒక నెల డిపాజిట్ తీసుకుంటే ఇంకా మంచిది. చాలామంది ఇవ్వరు, అడగడం మానకండి.

11. లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

జూలై నెలాఖరుకు మూడు అంకెలు చూడండి. జూన్‌లో స్కూలు ఆలస్యంగా మొదలవుతుంది, ఆ నెలతో ఏమీ తేలదు.

ఓడోమీటర్ నెలకు 1,500కు దగ్గరగా ఉందా? 1,700 ఉంటే డ్రైవర్ మధ్యలో ఎక్కడికో తిప్పుతున్నాడు, లేదా మీరు ఏదో ఖాళీ తిరుగుడు రాయలేదు. ముందు రెండోది చూడండి, తరవాత డ్రైవర్‌ను అడగండి.

పట్టించిన డీజిల్ 150 లీటర్లేనా? కిలోమీటర్లు సరిగ్గా ఉండి లీటర్లు 170 అయితే ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి చూపించండి. అవీ బాగుంటే ట్యాంకు మూతకు తాళం వేయించండి.

చేతికి వచ్చిన ఫీజు 83,400 దాటిందా? ఇది 22 మంది పిల్లల డబ్బు. 22 కంటే తగ్గితే ప్రతి నెలా మీ జేబులోంచి పోతుంది. రావాల్సిన ఫీజు కాదు, వచ్చిన ఫీజు రాయండి. నా నోటుబుక్కులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురి పేర్ల పక్కన "వచ్చే వారం" అని ఉంటుంది. వాళ్లను ఈ లెక్కలో కలపను.